వియత్నామీస్–ఇంగ్లీష్ మధ్య రాత అనువాదం, నోటి అనువాదం: నోట్స్ ఎలా రాసుకోవాలి

వియత్నాం దక్షిణ కొసన కా మావ్ అనే రాష్ట్రం ఉంది. భీమవరం వాళ్లకు అక్కడికి వెళ్తే సొంత ఊరికి వచ్చినట్టే ఉంటుంది. ఎటు చూసినా రొయ్యల చెరువులు, ఏరియేటర్ల చప్పుడు. అలాంటి చోట ఒక సహకార సంఘం పెద్ద, విదేశీ కొనుగోలుదారుతో మాట్లాడుతున్నాడు అనుకోండి. ఆయన వియత్నామీస్‌లో ఒక నిమిషం మాట్లాడి ఆగుతాడు. అప్పుడు మీరు దాన్ని ఇంగ్లీష్‌లో చెప్పాలి. దీన్ని కాన్సెక్యుటివ్ ఇంటర్‌ప్రెటింగ్ అంటారు. హెడ్‌ఫోన్ పెట్టుకుని వక్తతో పాటే మాట్లాడే సైమల్టేనియస్ వేరు. ఇక్కడ మీ దగ్గర ఉండేవి ఒక పెన్ను, ఒక ప్యాడ్, మీ బుర్ర.

రాత అనువాదం బాగా చేసేవాళ్లు చాలామంది ఈ పనిలో మొదటి రోజే తడబడతారు. వాళ్లకు భాష రాక కాదు. రాతలో పనికొచ్చిన అలవాట్లే ఇక్కడ కాళ్లకు అడ్డం పడతాయి. నా సంగతీ అంతే. ఒప్పందాలు అనువదించి అనువదించి, మొదటి మీటింగ్‌లో వక్త చెప్పిన ప్రతి మాటా రాసుకోబోయాను. పేజీ నిండింది గానీ తిరిగి చూస్తే అందులో ఒక్క వాక్యం కూడా నిలబడలేదు.

ముందు తేడా ఎక్కడుందో చూడండి

రాతలో వాక్యం కదలకుండా మీ ముందు ఉంటుంది. అర్థం కాకపోతే మళ్లీ చదువుతారు, నిఘంటువు తిరగేస్తారు, రేపు ఇంకోసారి సరిచూస్తారు. అందుకే అక్కడ ప్రమాదాలన్నీ కాగితం మీద ఉండేవే. అన్నిటికంటే ఎక్కువగా కొంప ముంచేది చుక్క, కామా. వియత్నాంలో వేలను చుక్కతో, దశాంశాన్ని కామాతో రాస్తారు. `1.250 kg` అని ఉంటే అది పన్నెండు వందల యాభై కిలోలు, ఒకటింపావు కిలో కాదు. ఇంగ్లీష్‌లోకి తెచ్చేటప్పుడు `1,250 kg` అని మార్చకపోతే ఇన్‌వాయిస్ మొత్తం తలకిందులవుతుంది. తేదీ కూడా రోజు–నెల వరుసలో ఉంటుంది కాబట్టి `06/03` అంటే మార్చి 6. అమెరికా పాఠకుడు దాన్ని జూన్ 3 అని చదువుతాడు. నెల పేరును అక్షరాల్లో రాసేస్తే ఆ గొడవ ఉండదు.

నోటి అనువాదంలో ఈ చుక్కలూ కామాలూ ఉండవు. అక్కడ ప్రమాదం చెవిలోనూ జ్ఞాపకంలోనూ ఉంటుంది. మాట గాల్లో కలిసిపోతుంది, వెనక్కి తిప్పుకునే వీలు లేదు. రాతలో ఒక్క పదం కోసం పావుగంట ఆలోచించవచ్చు. ఇక్కడ వక్త ఆపిన రెండు మూడు సెకన్లలో మీరు నోరు తెరవాలి. కాబట్టి రాతలో వాక్యాన్ని మోసుకెళ్తే, ఇక్కడ వాక్యం ఎముకల గూడును మాత్రమే మోసుకెళ్లాలి. నోట్స్ ఆ గూడును పట్టుకోవడానికే, డిక్టేషన్‌కు కాదు.

మొదటి మెట్టు: పెన్ను పక్కన పెట్టండి

ఇది వింతగా అనిపించవచ్చు. కానీ నోట్స్ నేర్చుకోవడం నోట్స్ లేకుండా మొదలవ్వాలి. ప్రభుత్వ రేడియో ‘వాయిస్ ఆఫ్ వియత్నాం’ వార్తల నుంచి ఒక నిమిషం ముక్క తీసుకుని వినండి, ఆపండి, ఏమీ రాయకుండా ఇంగ్లీష్‌లో చెప్పండి. మీ గొంతు రికార్డ్ చేసి అసలుతో పోల్చండి. ఏం జారిపోయిందో ఒక కాగితం మీద రాయండి.

వారం రోజులు ఇలా చేస్తే మీకే తెలుస్తుంది. కథ జారదు. ఎవరు, ఏం చేశారు అన్నది బుర్రలో ఉండిపోతుంది. జారేవి అంకెలు, పేర్లు, తేదీలు, జాబితాల్లో మూడో నాలుగో వస్తువు, ఒక విషయాన్ని ఇంకో విషయానికి కలిపే ‘కాబట్టి’, ‘అయినా’ లాంటి మాటలు. మీ నోట్స్‌లోకి ఎక్కాల్సినవి సరిగ్గా ఇవే. మిగతాది జ్ఞాపకం చూసుకుంటుంది. ఈ మెట్టు దాటేసి నేరుగా గుర్తులు నేర్చుకోవడానికి వెళ్లినవాళ్లు రాయడంలో మునిగి వినడం మానేస్తారు.

రెండో మెట్టు: పేజీని నిలువుగా వాడండి

ప్యాడ్ పైన స్ప్రింగ్ ఉన్నదే కొనండి, విలేఖరులు చేతిలో పట్టుకునే రకం. నిలబడి రాసినా పేజీ ఒక్క చేత్తో తిరుగుతుంది. ఒకవైపే రాయండి. ఎడమవైపు రెండు వేళ్ల వెడల్పున గీత కొట్టి మార్జిన్ వదలండి.

1956లో జాఁ ఫ్రాన్సువా రోజాఁ అనే ఇంటర్‌ప్రెటర్ కాన్సెక్యుటివ్ నోట్స్‌కు ఏడు సూత్రాలు రాసిపెట్టాడు. ఇప్పటికీ శిక్షణ చాలావరకు వాటి చుట్టూనే తిరుగుతుంది. పదం కాదు, భావం రాయడం, పొట్టిగా రాయడం, లంకె మాటలు, కాదన్న మాటలు, నొక్కి చెప్పిన మాటలు గుర్తించడం, పైనుంచి కిందికి రాయడం, ప్రతి వరుసా కొంచెం కుడికి జరపడం. వీటిలో చివరి రెండూ ముందు నేర్చుకోండి, వెంటనే ఫలితం కనిపిస్తుంది. చేసినవాడు ఎడమ పైన, చేసిన పని దానికి కొంచెం కుడి కింద, ఎవరికి లేదా ఎంత అన్నది ఇంకా కుడి కింద. మెట్లు దిగినట్టు ఉంటుంది. చదివేటప్పుడు కన్ను అదే దారిలో దిగుతుంది, వాక్యం దానంతటదే కుదురుకుంటుంది.

మార్జిన్‌లో ఉండాల్సినవి లంకెలు: కాబట్టి, కానీ, అయినా, అయితే. ఒక భావం ముగియగానే పేజీ అడ్డంగా గీత. ఆ గీత లేకపోతే ఎక్కడ ఊపిరి తీసుకోవాలో తెలియదు.

మూడో మెట్టు: వియత్నామీస్ దాచిపెట్టేవి రాయండి

ఇంతవరకూ ఏ భాషకైనా చెల్లుతుంది. ఈ జంట భాషలకు ప్రత్యేకమైనవి ఇక్కడ మొదలవుతాయి.

ముందు కాలం సంగతి. వియత్నామీస్ క్రియ రూపం మారదు. ‘తగ్గింది’, ‘తగ్గుతోంది’, ‘తగ్గుతుంది’ మూడింటికీ ఒకే మాట ఉండవచ్చు. జరిగిపోయింది, జరుగుతోంది, జరగబోతోంది అని చెప్పే చిన్న మాటలు ఉన్నాయి గానీ సందర్భం తెలిస్తే వాటిని వదిలేస్తారు. వక్త మొదట్లో ఒకసారి ‘పోయిన ఏడాది’ అంటాడు, ఆ తర్వాత ఐదు వాక్యాల దాకా ఆ ఊసే ఎత్తడు. ఇంగ్లీష్‌లో మీరు ప్రతి క్రియకూ కాలం చెప్పాలి. అందుకని కాలం మాట వినగానే మార్జిన్ పైన రాసి, దాని కింద నిలువు గీత లాగుతూ పొండి. కాలం మారినప్పుడు గీత తెంపండి. నేను పేజీ మీద మొదట వెతికేది ఆ గీతనే.

రెండోది ‘మేము’, ‘మనం’. ఇక్కడ తెలుగువాళ్లం అదృష్టవంతులం. వియత్నామీస్‌లో చుంగ్ తోయ్ అంటే మేము, చుంగ్ తా అంటే మనం. ఇంగ్లీష్‌లో రెండూ ‘వి’ అయిపోతాయి. బేరంలో ఈ తేడా డబ్బు విలువ చేస్తుంది. ‘రవాణా ఖర్చు మేము చూసుకుంటాం’ అన్నాడా, ‘మనం చూసుకుందాం’ అన్నాడా? ఇంగ్లీష్ మాతృభాషగా ఉన్న ఇంటర్‌ప్రెటర్‌కు ఈ తేడా ప్రయత్నం మీద వినిపించాలి, మనకు పుట్టుకతోనే వినిపిస్తుంది. నోట్స్‌లో ‘మే’, ‘మన’ అని తెలుగులోనే రాసుకోండి. ఇంగ్లీష్‌లో చెప్పేటప్పుడు చుంగ్ తోయ్‌ను ‘అవర్ కోఆపరేటివ్’ అనీ, చుంగ్ తాను ‘యూ అండ్ వి టుగెదర్’ అనీ విడదీయండి.

మూడోది ‘యా’. పెద్దవాళ్లతో మర్యాదగా మాట్లాడేటప్పుడు వియత్నామీస్ వాళ్లు మాట ముందు ఒక చిన్న పదం వాడతారు. ఉత్తరాన అది ‘జా’, దక్షిణాన ‘యా’. ‘అవును’ అని అర్థం ఉంది, కానీ చాలాసార్లు ‘ఆఁ వింటున్నానండీ’ అనే. దక్షిణాది ఉచ్చారణ ఇంగ్లీష్ ‘యా’లాగే ఉంటుంది. కొనేవాడు ధర చెబుతుంటే అమ్మేవాడు మధ్యమధ్యలో ‘యా, యా’ అంటాడు, అమ్మేవాడు ఒప్పేసుకున్నాడని కొనేవాడు మురిసిపోతాడు. మీరు మాత్రం ‘యా’ వచ్చిన ప్రతిచోటా ఒప్పుకున్న గుర్తు పెట్టకండి. దాని తర్వాత అసలు మాట వచ్చాకే టిక్కో, ఇంటో పెట్టండి. అది రాకపోతే పక్కన ప్రశ్నార్థకం వేసి, ‘ఒప్పుకుంటున్నారా, లేక విన్నానని మాత్రమేనా అని ఇంటర్‌ప్రెటర్ అడుగుతున్నారు’ అని స్పష్టం చేసుకోండి. అలా మీ గురించి మీరు ప్రథమ పురుషలో చెప్పుకోవాలి, ఎందుకంటే ‘నేను’ అన్న మాట వక్తది.

ఇంగ్లీష్ నుంచి వియత్నామీస్‌కు వెళ్లేటప్పుడు చిక్కు ఇంకో చోట. ‘యూ’ అనే మాటకు అక్కడ సమానమైన మాట లేదు. అన్న, అక్క, తమ్ముడు, బాబాయి, తాత లాంటి బంధుత్వ పదాల్లో ఒకటి ఎంచుకోవాలి. ‘నేను’ కూడా దాన్నిబట్టే మారుతుంది. మీటింగ్‌కు ముందే ఎవరి వయసు ఎంత, హోదా ఏమిటో కనుక్కోండి. తెలియకపోతే ‘నేను’కు తోయ్, పెద్దాయనకు ఓంగ్, సభకైతే క్వీ వీ. ఇవి కొంచెం లాంఛనంగా ఉన్నా ఎవరినీ నొప్పించవు. రాతలో ఈ బాధ తక్కువ. ఒప్పందంలో అందరూ పార్టీ ఏ, పార్టీ బీ అయిపోతారు.

నాలుగో మెట్టు: అంకె రాగానే మిగతాదంతా ఆపండి

అంకె వినిపించిందంటే రాస్తున్న పదాన్ని సగంలో వదిలేసి అంకె రాయాలి, యూనిట్‌తో సహా. అది జ్ఞాపకంలో రెండు సెకన్లు కూడా నిలవదు.

వియత్నామీస్ అంకెల్లో గోతులు ఇవి. 104ను దక్షిణాన ‘మోత్ చమ్ లే బోన్’ అంటారు. మధ్యలోని లే సున్నా స్థానాన్ని చెబుతుంది. ఉత్తరాన దాని బదులు ‘లిన్’ అంటారు. ఆ మాట లేకుండా ‘మోత్ చమ్ బోన్’ అంటే 140. మన ‘నూట నాలుగు’ అలవాటుతో వింటే బోల్తా పడతాం. అలాగే ‘రువోయ్’ అంటే ముందున్న స్థానంలో సగం. రెండు వందల రువోయ్ 250, ఒక మిలియన్ రువోయ్ పదిహేను లక్షలు. ఇక ‘నమ్’ అంటే ఐదు, సంవత్సరం కూడా. ‘నమ్ నమ్’ అంటే ఐదేళ్లు. ఆదివారం తప్ప వారాల పేర్లు కూడా అంకెలే: ‘థు హాయ్’ అంటే మాటకు రెండోది, అది సోమవారం. ‘థు బా’ మంగళవారం, అది మూడోది కూడా.

డబ్బు దగ్గర ఇంకో అలవాటు ఉంది. బేరంలో ‘వేలు’ అన్న మాట మింగేస్తారు. కిలో ‘నూట నలభై’ అంటే 140 వేల డాంగ్. రాసేటప్పుడే `140k` అని రాయండి, లేకపోతే చెప్పేటప్పుడు మూడు సున్నాలు ఎగిరిపోతాయి. ఒక సంగతి మాత్రం మనకు ప్రత్యేకం. వియత్నామీస్‌లో వేలు, మిలియన్లు, బిలియన్లు ఇంగ్లీష్ వరుసలోనే ఉంటాయి. నేరుగా మార్చేస్తే సరిపోతుంది. మన తలలోని లక్షలు, కోట్లలోకి మార్చి మళ్లీ బయటికి తెస్తేనే తప్పు జరుగుతుంది. ఒక ‘తీ’ అంటే ఒక బిలియన్, అంటే వంద కోట్లు. ఆ వంద కోట్లు పేజీ మీదికి రానివ్వకండి.

కొలతల్లో ఒక్కటి గుర్తుంచుకోండి. మెకాంగ్ డెల్టా రైతులు భూమిని ‘కోంగ్’లలో చెబుతారు. మామూలుగా కోంగ్ అంటే 1000 చదరపు మీటర్లు, పాత పెద్ద కోంగ్ సుమారు 1300 దాకా ఉంటుంది. రాతలో అయితే కింద వివరణ రాసేయవచ్చు. నోటితో అయితే ‘ముప్పై కోంగ్, అంటే సుమారు మూడు హెక్టార్లు’ అని రెండూ చెప్పి ముందుకు పోవాలి. ఒప్పందం దాకా వెళ్లే అంకె అయితే ఏ కోంగ్ అని అడగాల్సిందే.

ఐదో మెట్టు: నోట్స్ ఏ భాషలో?

ఏది పొట్టిగా వస్తే అందులో. కొందరు చెప్పాల్సిన భాషలో రాయమంటారు, ఆ వాదనలోనూ బలముంది. నేను తెలుగు, ఇంగ్లీష్ కలిపేస్తాను. తెలుగు గుణింతం ఈ పనికి భలే అనువైనది, ఒక్క అక్షరంలో హల్లూ అచ్చూ వచ్చేస్తాయి. ‘రొ’ అంటే రొయ్యలు, ‘ఒ’ అంటే ఒప్పందం.

వియత్నామీస్‌లో మాత్రం రాయకుండా ఉండటమే మంచిది. ఆ భాషకు స్వరం ప్రాణం. తొందరలో స్వర గుర్తులు ఎగిరిపోతాయి. ‘బాన్’ అనే మాటను పైకి లేచే స్వరంలో అంటే అమ్మడం, దిగే స్వరంలో అంటే బల్ల లేదా చర్చించడం, గొంతు నొక్కి బరువుగా అంటే స్నేహితుడు. గుర్తులు లేని ‘బాన్’ను నిమిషం తర్వాత చూస్తే ఆయన సరుకు అమ్ముతానన్నాడా, చర్చిద్దామన్నాడా? కాగితం చెప్పదు. మనుషుల పేర్లూ ఊళ్ల పేర్లూ మాత్రం వినపడ్డట్టే రాసి, మీటింగ్ అయ్యాక సరైన స్పెల్లింగ్ అడగండి. మనిషిని పేరుతో పిలవాల్సి వస్తే చివరి పేరు వాడండి. ‘ఙుయెన్ వాన్ మిన్’ అంటే మిస్టర్ మిన్, మిస్టర్ ఙుయెన్ కాదు. మొదటిది ఇంటిపేరు.

గుర్తులు పది సరిపోతాయి: పెరగడం, తగ్గడం, దారితీయడం, సమానం, సమానం కాదు, ప్రశ్న, నొక్కి చెప్పిన మాట కింద గీత, ఇంకో రెండు మూడు మీ రంగానివి. మీటింగ్ మధ్యలో కొత్త గుర్తు కనిపెట్టకండి. అది ఏమిటో చదివేటప్పుడు మీకే గుర్తుండదు.

ఒక ప్రసంగం, దాని నోట్స్

అభ్యాసం కోసం నేను రాసుకున్న ముక్క ఇది. సంఘం పెద్ద వియత్నామీస్‌లో ఇలా అన్నాడనుకోండి:

‘మా సంఘంలో 85 కుటుంబాలు, చెరువులు 320 హెక్టార్లు. పోయిన ఏడాది మార్చి నుంచి ఎండలు ముదిరి నీళ్లలో ఉప్పు పెరిగింది, అందువల్ల పంట 900 టన్నుల నుంచి 600కు పడింది. అయినా సైజు మాత్రం తగ్గలేదు, కిలోకు 30 రొయ్యలే. అందుకని ఈ ఏడాది ధర నూట నలభై అనుకుంటున్నాం. అయితే మీరు ఆరు నెలల ఒప్పందం చేస్తే నూట ముప్పై ఐదుకు ఇస్తాం. నాణ్యత సంగతి మనం కలిసి చూసుకుందాం.’

‘కిలోకు 30’ అంటే గోదావరి జిల్లాల్లో చెప్పే ‘30 కౌంట్’. ఈ మాట తెలిస్తే ఇంగ్లీష్‌లో వెతుక్కోనక్కర్లేదు, వ్యాపారంలో అక్కడా కౌంట్ అనే అంటారు. ఇక పేజీ ఇలా ఉంటుంది:

```
        మే  85 కు
              320 హె
--------------------------
పో.ఏ 3> ఎండ
 |        ఉప్పు ↑
కా         పంట 900 → 600 ట
--------------------------
అయినా   సైజు  ↓ X
               30 కౌ
--------------------------
ఈ.ఏ    మే
కా        ధర 140k / కి
ఐతే    మీ 6 నె ఒ
            → 135k
--------------------------
        మన  నాణ్యత
```

రొయ్యలు అన్న మాట పేజీలో ఎక్కడా లేదు. అక్కడ కూర్చున్న అందరికీ తెలిసిన విషయాన్ని రాయడం దండగ. ‘↓’ పక్కన ఇంటు గుర్తు తగ్గలేదని చెబుతోంది. ఆ ఇంటు మరిచిపోతే అర్థం తిరగబడుతుంది కాబట్టి కాదన్న మాటను ఎప్పుడూ పెద్దగా, విడిగా రాయండి. 135 కింద గీత గీశాను, వక్త అక్కడ గొంతు పెంచాడని గుర్తు (పైన పెట్టెలో అది చూపలేకపోయాను).

చెప్పేటప్పుడు చివరి గీత నుంచి పైకి ఒకసారి కన్ను తిప్పి, మొదటి వాక్యం మొదలుపెట్టండి. ఒక గీత నుంచి ఇంకో గీత దాకా చదువుకుని, తల ఎత్తి, వినేవాళ్లను చూస్తూ చెప్పండి. ‘ఆయన అంటున్నారు’ అని మొదలుపెట్టొద్దు, వక్త ‘మా’ అంటే మీరూ ‘అవర్’ అనాలి. ధర దగ్గర ‘వన్ హండ్రెడ్ ఫార్టీ థౌజండ్ డాంగ్ పర్ కిలో, ఫర్ థర్టీ కౌంట్ టు ది కిలో’ అని పూర్తిగా చెప్పండి. చివరి వాక్యంలో ‘మనం’ ఉంది కాబట్టి నాణ్యత బాధ్యత ఇద్దరిదీ అని వినిపించాలి. అక్కడ ఉత్త ‘వి’ అంటే సంఘమే చూసుకుంటుందని కొనేవాడు రాసుకుంటాడు.

ఇదే ముక్క రేపు ఒప్పందం కాగితంగా మీ చేతికి వస్తే పని మారుతుంది. అప్పుడు `140.000 đồng/kg`ను `VND 140,000 per kg` చేయాలి, ‘నాణ్యత కలిసి చూసుకోవడం’ అంటే ఎవరు పరీక్ష చేయిస్తారో మూలంలో లేకపోతే క్లయింట్‌ను అడగాలి, చివర్లో అంకెలన్నీ విడిగా ఒకసారి మూలంతో పోల్చాలి. నోటి అనువాదంలో మీరు వదిలేసిన ‘రొయ్యలు’ ఇక్కడ ఏ జాతివో కూడా చెప్పాలి. టైగరా, వన్నామియా?

పాడైపోతున్నప్పుడు ఎలా తెలుస్తుంది

పేజీ నిండుగా ఉండి మార్జిన్ ఖాళీగా ఉంటే మీరు పదాలు రాశారు, తర్కం రాయలేదు. వక్త ఆపాక కూడా మీ పెన్ను కదులుతూ ఉంటే వెనకబడ్డారు, ఆ చివరి వాక్యం వినలేదు. చెప్పేటప్పుడు మూడు వాక్యాలు వరసగా ‘అండ్’తో మొదలైతే లంకెలు పోయాయి. ఈ మూడింటినీ రికార్డింగ్‌లో వెతకండి, ఉచ్చారణ తప్పుల కంటే ముందు.

ఒక అంకె జారిపోతే ఊహించకండి. మొత్తం మళ్లీ చెప్పమనీ అడగకండి, టెన్షన్‌లో వక్త వేరే మాటలు చెబుతాడు. ‘పోయిన ఏడాది పంట ఎన్ని టన్నులు?’ అని ఆ ఒక్కటే అడగండి. వక్త రెండు నిమిషాలు దాటి ఆగకుండా పోతుంటే చెయ్యి కొంచెం ఎత్తండి. ఇలా ఆపుతానని మీటింగ్ మొదట్లోనే చెప్పి ఉంటే ఎవరూ ఏమీ అనుకోరు.

మీటింగ్ అయ్యాక కొత్తగా తగిలిన మాటలు మీ పదకోశంలోకి ఎక్కించండి. ధరలు ఉన్న ఆ పేజీలను మాత్రం అక్కడే చింపి, క్లయింట్ ముందే ముక్కలు చేయండి.